హాల్లో మూడున్నర అడుగుల జాగా: మా ఇంట్లో చదువుకునే మూల తయారైన తీరు

మాది కంచరపాలెంలో రెండు బెడ్రూముల ఫ్లాట్. అత్తయ్య, మామయ్య, మా ఆయన, ఇంటర్ రెండో ఏడాది చదివే అమ్మాయి, ఏడో తరగతి చిన్నోడు, నేను. మా ఆయనది రైల్వేలో రన్నింగ్ డ్యూటీ. అందుకని మా ఇంట్లో పగలైనా రాత్రయినా ఎవరో ఒకరు నిద్రపోతూ ఉంటారు, ఎవరో ఒకరు టీవీ చూస్తూ ఉంటారు. ఈ ఇంట్లో ఒక కుర్చీ, ఒక లైటు, చేతికందేలా నాలుగు పుస్తకాలు పెట్టుకునే అర, ఇంతే నాకు కావలసింది. మే నెలాఖరులో మొదలుపెట్టాను, ఆగస్టు మూడో వారానికి తేలింది. చేసిన పని అంతా కలిపితే మూడు రోజులు కూడా ఉండదు. మిగతాదంతా కార్పెంటర్ కోసం, ఎలక్ట్రీషియన్ కోసం, వాన తగ్గడం కోసం, మా ఆయన డ్యూటీకి వెళ్లడం కోసం ఎదురుచూపు. డబ్బు 13,620 రూపాయలైంది. దేనికెంతో చెప్తూ వెళ్తాను.

ముందు జాగా. కుర్చీ కొనకముందు ప్లాస్టిక్ కుర్చీ ఒకటి పట్టుకుని ఇల్లంతా తిరిగాను. ఒక్కో చోట రెండు మూడు సాయంత్రాలు కూర్చుని నిజంగా చదివి చూశాను. సెలవుల్లో పిల్లలిద్దరూ ఇంట్లోనే ఉంటారు కాబట్టి ఇల్లు రద్దీగా ఉన్నప్పుడే పరీక్ష జరిగినట్టయింది. బాల్కనీ అందరూ చెప్పే సలహా. మధ్యాహ్నం ఎండ, చీకటి పడ్డాక దోమలు, వానొస్తే జల్లు, ఏ రోజైనా ఆరేసిన బట్టలు. పోర్టు వైపు నుంచి గాలి మళ్లితే రెయిలింగు మీద వేలు రాస్తే నల్లగా వస్తుంది. ఈ ప్రాంతం వాళ్లకి ఆ దుమ్ము గురించి వేరే చెప్పక్కర్లేదు. పుస్తకాలు అక్కడ ఉంచే పనే లేదు. మా బెడ్రూములో కిటికీ పక్కన బాగానే ఉంటుంది కానీ, నైట్ డ్యూటీ చేసి వచ్చిన మనిషి పడుకుని ఉంటే పేజీ తిప్పిన చప్పుడు కూడా మనకే పెద్దగా వినిపిస్తుంది. భోజనాల బల్ల దగ్గర కూర్చుంటే ఫ్రిజ్జుకి వెళ్లే ప్రతివాళ్లూ నా పక్క నుంచే వెళ్లాలి. వెళ్లేవాళ్లు ఊరికే వెళ్లరు. "అమ్మా, పెరుగు ఎక్కడుంది?" అంటారు. ఫ్రిజ్జు తలుపు పట్టుకునే అడుగుతారు.

మిగిలింది హాల్లో తూర్పు కిటికీ కింద మూల. దాని ఎడమ పక్క గోడ అవతల మా బెడ్రూము. అదే గోడకి ఇంకొంచెం ముందు టీవీ ఉంది. మొదట ఆ టీవీ వల్లే ఆ మూలని వద్దనుకున్నాను. కూర్చున్నాక తెలిసిందేమిటంటే, టీవీ ఉన్న గోడకే ఆనుకుని ఉంటే తెర మనకి కనపడదు, దాని అంచు మాత్రమే కనపడుతుంది. శబ్దం వినపడుతుంది, కానీ నన్ను చదవనివ్వనిది శబ్దం కాదు, కంటి చివర కదిలే బొమ్మ. సోఫా పక్కన, తెర కనపడే చోట కూర్చున్న రోజుల్లో నేను సీరియల్ చూడకుండానే కథంతా చెప్పగలిగే స్థితికి వచ్చాను. ఈ మూలలో అదే సీరియల్ నడుస్తున్నా ఇరవై పేజీలు కదిలాయి. పైగా వంటింటికి గానీ బాత్రూముకి గానీ వెళ్లే దారి అటు రాదు. జాగా కోసం చూసేవాళ్లు నిశ్శబ్దం ఎక్కడుందా అని వెతకడం కంటే, ఎవరూ దాటి వెళ్లని చోటు, తెర కనపడని చోటు ఏదో చూసుకుంటే నయం అని నా అభిప్రాయం.

ఆ మూలలో అత్తయ్య కుట్టుమిషను ఉంది. దాన్ని కదిపే మాట ఎత్తడానికే వారం పట్టింది. ఎత్తగానే ఆవిడ, "అలాగేనమ్మా, మరి నా జాకెట్లు ఎక్కడ కుట్టుకోమంటావు? రోడ్డు మీదా?" అన్నారు. వాళ్ల గదిలో మంచం పక్కకి మార్చుదామంటే అక్కడ వెలుతురు చాలదన్నారు. అది నిజమే. ఆ గదిలో ట్యూబులైటు ఆవిడ వెనక పడుతుంది. చివరికి మంచాన్ని అడ్డంగా తిప్పి, మిషను కిటికీ వైపు పెడితే ఒప్పుకున్నారు. మంచం తిప్పాక మామయ్యకి తల ఏ దిక్కున పెట్టుకోవాలన్న చర్చ వచ్చింది. అది రెండు రోజులు నడిచింది.

మిషను తీశాక నేల మీద చిన్నోడి చేత టేపు అంటించి కొలిపించాను. వెడల్పు మూడున్నర అడుగులు, లోతు నాలుగడుగులు. ఈ కొలత కాగితం మీద రాసుకుని కుర్చీ కోసం బయలుదేరాను.

షోరూముల్లో ముందు రిక్లైనర్లే చూపిస్తారు. మూసి ఉన్నప్పుడు మూడడుగుల్లో సరిపోతుంది, కాళ్లు చాపితే అయిదడుగులు దాటుతుంది. వెనక్కి వాలడానికి గోడకి జానెడు ఎడం కూడా కావాలి. మా టేపు గీతల్లో అది పట్టదు. పట్టే కుర్చీల్లో ఇంకో ఇబ్బంది. కూర్చుంటే బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది, పది నిమిషాలయ్యాక తొడల కింద తిమ్మిరి మొదలవుతుంది. నేను అయిదడుగుల ఒక అంగుళం మనిషిని. చెప్పులు లేకుండా నిలబడి నేల నుంచి మోకాలి వెనక మడత వరకు కొలిస్తే పదహారు అంగుళాలు. షాపుల్లో సీట్లు ఎక్కువగా పద్దెనిమిది అంగుళాల ఎత్తు ఉన్నాయి. అంటే నా కాలి మడమ నేలకి ఆనదు, బరువంతా సీటు ముందు అంచు మీద, తొడ మీద పడుతుంది. లోతూ అంతే. వీపు ఆనించి కూర్చుంటే నడుము వెనక నుంచి మోకాలి మడత దాకా నాకు పద్దెనిమిది అంగుళాలు. సీటు అంతకంటే రెండు వేళ్లు తక్కువ ఉంటేనే మడత దగ్గర నొక్కకుండా ఉంటుంది. సోఫా కుర్చీలు ఇరవై రెండు అంగుళాల లోతు ఉన్నాయి. వాటిలో వెనక్కి జరిగితే కాళ్లు గాల్లో, ముందుకు జరిగితే వీపు గాల్లో.

ఈ రెండు కొలతలు ఇంట్లోనే తీసుకుని వెళ్తే షాపులో సగం కుర్చీల మీద కూర్చోకుండానే తేల్చేయొచ్చు. మిగిలిన వాటి మీద మాత్రం పుస్తకం పట్టుకుని ఇరవై నిమిషాలు కూర్చోవాలి. నేను బ్యాగులోంచి పుస్తకం తీసి చదువుతుంటే సేల్స్ కుర్రాడు రెండుసార్లు వచ్చి "మేడమ్, ఎవరైనా రావాలా?" అని అడిగాడు.

మామయ్యకి పాత పడక కుర్చీ ఒకటి ఉంది, గుడ్డ వేసినది. అది వాడుకోవచ్చు కదా అన్నారు మా ఆయన. అది కునుక్కి బ్రహ్మాండం. చదవడానికి పనికిరాదు. అంతగా వాలినప్పుడు పుస్తకాన్ని చేతులెత్తి పట్టుకోవాలి. లేదంటే గుండెల మీద పెట్టుకుని మెడ వంచాలి. కొంచెం వాలు ఉండాలి, చేతులు ఆనించుకోవడానికి వీలుండాలి, పుస్తకం కంటికి మూరెడు దూరంలో నిలవాలి. అంతకు మించి వాలితే మనం నిద్రకి సిద్ధమవుతున్నట్టే.

జూన్ రెండో వారంలో పాత సామాన్ల షాపులో ఒక టేకు చేతుల కుర్చీ దొరికింది. 3,500 అన్నాడు, తగ్గించలేదు. సీటు చెక్క నేల నుంచి పదిహేను అంగుళాలు, లోతు పదహారు. పాలిష్ పోయింది గానీ కీళ్లు గట్టిగా ఉన్నాయి. పాత కుర్చీ చూసేటప్పుడు దాన్ని మూలగా పట్టుకుని ఊపి చూడాలి. కిర్రుమంటే కీలు వదులైందని. కాళ్ల అడుగున, సీటు కింద చిన్న చిన్న రంధ్రాలు, పక్కన పిండిలాంటి పొడి ఉంటే పురుగు ఇంకా లోపల ఉన్నట్టే, ఎంత చవకైనా ఇంటికి తేకూడదు. ట్రాలీ ఆటోకి 400 అయింది. రెండో అంతస్తుకి మోయడానికి ఆటో అతను వేరే అడగలేదు. ఆ సాయంత్రం వాన పడుతోంది పాపం, టీ ఇచ్చాం.

ఇప్పుడు కాళ్లు కోయించాలి. ఈ లెక్క కాస్త జాగ్రత్తగా చెప్తాను. పరుపు వేయకుండా కొలిచి కోయిస్తే తర్వాత ఎత్తు తప్పుతుంది. నేను వేయించింది మూడు అంగుళాల ఫోమ్, 40 డెన్సిటీ. మనిషి కూర్చుంటే అది దాదాపు ఒక అంగుళం అణిగి రెండు అంగుళాలుగా నిలుస్తుంది. షాపువాడు మెత్తగా ఉంటుందని 23 డెన్సిటీ చూపించాడు. అది నొక్కితే అరచేతికి చెక్క తగులుతోంది, రోజూ కూర్చుంటే నాలుగు నెలలకి గుంట పడుతుంది. సరే, చెక్క పదిహేను, అణిగిన ఫోమ్ రెండు, మొత్తం పదిహేడు. నాకు కావలసింది పదహారు. అంటే ముందు కాళ్లు ఒక అంగుళం తీయాలి. వెనక కాళ్లు ఇంకో అరంగుళం ఎక్కువ తీయిస్తే సీటు వెనక్కి కొద్దిగా వాలి, వీపు దానంతటదే ఆనుకుంటుంది. ఫోమ్ 1,100 అయింది. కాళ్లు కోసి, అడుగున రబ్బరు బుడిపెలు కొట్టి, పాలిష్ వేసినందుకు కార్పెంటర్ 600 తీసుకున్నాడు. ఆ రబ్బరు ముక్కలు అడగకుండా వేయరు, మనమే అడగాలి. అవి లేకపోతే తడిగుడ్డ పెట్టిన ప్రతిసారీ కోసిన చెక్క నీళ్లు పీలుస్తుంది.

పరుపు మీద రెక్సిన్ వేస్తే తుడుచుకోవడం తేలిక అని అందరూ చెప్పారు. విశాఖ ఉక్కపోతలో రెక్సిన్ మీద అరగంట కూర్చున్నవాళ్లు లేచేటప్పుడు చీర అతుక్కుని వస్తుంది. మందపాటి కాటన్ బట్ట తీసుకుని, వెనక జిప్పుతో రెండు కవర్లు కుట్టించాను. బట్టా కుట్టూ కలిపి 1,050. రెండు ఎందుకంటే వానాకాలంలో ఒకటి ఉతికితే ఆరడానికి రెండు రోజులు పడుతుంది. కుట్టింది అత్తయ్య కాదు, వీధి చివర టైలరు. ఆవిణ్ణి అడిగే ధైర్యం అప్పటికి నాకు రాలేదు.

అరలు వేసే పని కూడా ఆ కార్పెంటర్‌కే చెప్పాను. జూన్ పదో తేదీ ప్రాంతంలో అడ్వాన్సు తీసుకుని "వారంలో ఒచ్చేస్తానమ్మా" అన్నాడు. వచ్చింది జూలై రెండో వారం. ఫోన్ చేసినప్పుడల్లా "రేపు పొద్దున్నే మీ ఇంటికే" అనేవాడు. కుర్చీ మాత్రం జూన్ చివరికే ఇచ్చాడు. అరలు లేకుండా కుర్చీలో కూర్చోవడం మొదలుపెట్టాను. అలా కూర్చోవడం మంచిదే అయింది. లైటు ఎక్కడ పెట్టాలో ఆ రోజుల్లోనే తెలిసింది.

హాల్లో ట్యూబులైటు కుర్చీకి ఎదురుగోడ మీద లేదు, కుడి గోడకి కాస్త వెనకగా ఉంది. నేను వంగితే నా తల నీడ సరిగ్గా పేజీ మీద పడేది. ఇల్లంతా వెలుగుతున్నట్టే ఉంటుంది, పేజీ మాత్రం మసగ్గా ఉంటుంది. ఫోన్లో వెలుతురు కొలిచే యాప్ ఒకటి పెట్టుకుని పుస్తకం మీద ఆనించి చూస్తే అరవై లక్స్ చూపించింది. ఫోన్ యాప్ అంకె కచ్చితమని అనుకోనక్కర్లేదు, ఒక ఫోన్‌కీ ఇంకో ఫోన్‌కీ తేడా వస్తుంది. అదే ఫోన్‌తో రెండు చోట్ల కొలిచి పోల్చుకోవడానికి మాత్రం పనికొస్తుంది. హాయిగా చదవాలంటే పేజీ మీద మూడు నాలుగు వందల లక్స్ ఉండాలి. అందులో అయిదో వంతుతో చదువుతూ, కళ్లజోడు పవర్ మారిందేమో అని టెన్షన్ పడుతున్నాను అన్నమాట.

మా చెల్లి ఇంట్లో గుడ్డ షేడుతో అయిదడుగుల స్టాండ్ ల్యాంపు ఉంటే రెండు రోజులు అరువు తెచ్చాను. చూడ్డానికి అందంగా ఉంది. కానీ దాని వెలుతురు సగం పైకి, సీలింగు మీదకి పోతుంది. కిందకి వచ్చే సగం స్టాండు చుట్టూ గుండ్రంగా నేల మీద పడుతుంది. నా ఒళ్లో ఉన్న పుస్తకం దాకా వచ్చేసరికి నూట ముప్పై. అదే తొమ్మిది వాట్ల ఎల్ఈడీ బల్బుని, లోపల తెల్లరంగు వేసిన ఇనుప షేడులో పెట్టి పుస్తకానికి రెండడుగుల దూరానికి తెస్తే నాలుగు వందలు దాటింది. బల్బు మారలేదు, కరెంటు పెరగలేదు. వెలుతురు దూరంతో మామూలుగా తగ్గదు, దూరం రెట్టింపైతే వెలుతురు నాలుగో వంతుకి పడిపోతుంది. అందుకే లైటు సరిపోవడం లేదంటే పెద్ద బల్బు కొనే ముందు ఉన్నదాన్ని దగ్గరికి తెచ్చి చూడాలి.

దగ్గరికి అంటే ఎటు నుంచి? నేను కుడిచేతి మనిషిని, పెన్సిలుతో గీతలు గీసుకునే అలవాటు ఉంది. కుడి నుంచి లైటు వస్తే రాసే చేతి నీడ రాతమీదే పడుతుంది. కాబట్టి ఎడమ భుజానికి కాస్త వెనకగా, పై నుంచి. ఎడమచేతి వాళ్లకి ఇది తిరగబడుతుంది. ఎదురుగా పెడితే నునుపు కాగితం ఉన్న పుస్తకాలు తళతళలాడి అక్షరాలు కనపడవు. దానికి మా అమ్మాయి ఫిజిక్స్ రికార్డు రాసుకుంటూ ఒక ఉపాయం చెప్పింది: పుస్తకం తెరిచి, పేజీ మీద చిన్న చేతి అద్దం పెట్టి చూడమంది. అద్దంలో బల్బు కనపడితే ఆ పేజీ మెరుస్తుంది. కనపడకుండా పోయేదాకా ల్యాంపుని జరపాలి. అద్దం పెట్టి ల్యాంపు మెడ అటూ ఇటూ వంచితే రెండు నిమిషాల్లో తేలింది.

స్టాండు నేల మీద పెడితే ఆ మూడున్నర అడుగుల్లో దాన్ని చీపురు రోజూ పడగొడుతుంది. అందుకని అర అంచుకి బిగించే క్లాంపు ల్యాంపు కొన్నాను, మడిచే చెయ్యి ఉన్నది, 1,250. బల్బు 120. బల్బు వార్మ్ వైట్, అంటే కాస్త పసుపు ఛాయది, 3000 కెల్విన్. తెల్లటి లైటులో చదవలేమని కాదు. రాత్రి పది గంటలకి హాల్లో మిగతా లైట్లు ఆపేశాక ఆ తెల్లటి లైటు ఆసుపత్రి వార్డులా ఉంటుంది. అయితే అన్నీ ఆపేసి ఈ ఒక్కటే వేసుకోకూడదని త్వరగానే తెలిసింది. పేజీ వెలుగు, చుట్టూ చీకటి అయితే తలెత్తినప్పుడల్లా కళ్లు సర్దుకోవలసి వస్తుంది, గంటకల్లా నుదురు పట్టేస్తుంది. ఎదురుగోడ దగ్గర చిన్న జీరో బల్బు ఒకటి వెలుగుతూ ఉంచుతున్నాను.

కరెంటు సంగతి. ఆ మూలలో ప్లగ్గు లేదు. ఎక్స్‌టెన్షన్ బాక్సు తెచ్చి నేల మీద వైరు లాగొచ్చు. కానీ మామయ్య రాత్రి లేస్తారు, కాలికి తగిలే వైరు మా ఇంట్లో వద్దు. ఎలక్ట్రీషియన్ రెండు వాయిదాల తర్వాత జూలై మొదటి ఆదివారం వచ్చాడు. దగ్గరలో ఉన్న టీవీ ప్లగ్గు నుంచి లైను లాగుతానన్నాడు. అది ఇన్వర్టర్ మీద లేదు. కరెంటు పోయినప్పుడు నాకు అసలు కావలసింది ఈ లైటే, తొమ్మిది వాట్లు ఇన్వర్టర్‌కి ఒక లెక్క కాదు. పట్టుబట్టి ట్యూబులైటు లైను నుంచి కేసింగ్ పట్టీలో వైరు తీయించాను. పన్నెండు అడుగుల పట్టీ, స్విచ్చు, అయిదు ఆంప్స్ సాకెట్టు, కూలీ కలిపి 1,250. స్విచ్చు కుర్చీలో కూర్చుంటే ఎడమచేతికి అందే ఎత్తులో పెట్టించుకున్నాను. అది అడగకపోతే నిలబడ్డ మనిషి ఎత్తులోనే బిగించేస్తారు.

అర గోడకి బిగించే ముందు గోడ సంగతి చూసుకోవాలి. కిటికీ ఉన్నది బయటి గోడ. ప్రతి వానాకాలం దాని మీద పెయింటు ఉబ్బుతుంది. ఎడమ గోడ లోపలిదే కదా, తడి ఉండదని అనుకోవచ్చు. కానీ మా బెడ్రూముకి ఆనుకుని బాత్రూము ఉంది, ఎంతవరకు ఆ తడి వచ్చిందో పైకి తెలియదు. కార్పెంటర్ రాకముందు చదరపు అడుగు పాలిథీన్ కవరు ముక్క గోడకి ఆనించి, నాలుగు పక్కలా టేపు వేసి రెండు రోజులు వదిలేశాను. తీసినప్పుడు గోడవైపు తడి బొట్లు ఉంటే చెమ్మ గోడలోంచి వస్తున్నట్టు. బయటి వైపు మాత్రమే ఉంటే అది గాలిలో తేమ. కిటికీ గోడ మీద అంటించిన ముక్క లోపలంతా చెమ్మే. ఎడమ గోడ మీద రెండు వైపులా పొడిగా ఉంది. అరలు ఎక్కడో తేలిపోయింది.

తర్వాత బరువు. ఇంట్లో బరువు చూసుకునే మిషను మీద ఒక అడుగు పొడవు వచ్చేలా పుస్తకాలు పేర్చి తూచాను. ఎనిమిది కిలోలు చూపించింది. రెండున్నర అడుగుల అర నిండా పెడితే ఇరవై కిలోలు. కార్పెంటర్ ముందు ఒకే నాలుగడుగుల పలక వేస్తానన్నాడు, అందంగా ఉంటుందని. రెండు చివర్ల మాత్రమే ఆధారం ఉన్న నాలుగడుగుల పలక ముప్పై కిలోలకి పైగా మోస్తూ కొన్నాళ్లకి మధ్యలో కుంగుతుంది, తిరిగి లేవదు. రెండున్నర అడుగుల పొడవు, పద్దెనిమిది మిల్లీమీటర్ల ప్లైవుడ్, మూడు అరలు అని ఖాయం చేసుకున్నాం. పార్టికల్ బోర్డు అయితే సగం ధరకే వస్తుందన్నాడు. మా ఊరి గాలికి దాని అంచులు ఉబ్బి బొరుగుల్లా రాలతాయి, పాత కంప్యూటర్ టేబుల్ దగ్గర చూశాం. కమర్షియల్ రకం కాకుండా నీళ్లకి తట్టుకునే బీడబ్ల్యూఆర్ రకం ప్లై తెమ్మన్నాను. షీటు మీద ఐఎస్ 303 అని, పక్కన రకం పేరు ముద్ర ఉంటుంది. కోసిన తర్వాత ఆ ముద్ర మన ముక్క మీద ఉండకపోవచ్చు, షీటుగా ఉన్నప్పుడే చూడాలి. కోసిన నాలుగు అంచులకీ బీడింగ్ అంటించాలి, నీళ్లు లోపలికి పోయేది అక్కడి నుంచే.

లోతు ఏడు అంగుళాలే పెట్టించాను. ఇది నా సొంత నిర్ణయం, ఇంట్లో ఎవరికీ నచ్చలేదు. పన్నెండు అంగుళాలు పెట్టిస్తే నాలుగు సామాన్లు పడతాయి కదా అన్నారు. పడతాయనే వద్దన్నాను. మా ఇంట్లో ఖాళీగా కనపడ్డ ఏ పలక మీదైనా రెండో రోజుకి బీపీ మాత్రలు, చార్జర్లు, కరెంటు బిల్లులు చేరతాయి. మామూలు డెమీ సైజు తెలుగు పుస్తకం వెడల్పు అయిదున్నర అంగుళాలే. ఏడంగుళాల అరలో పుస్తకం పెట్టాక ముందు మిగిలేది ఒకటిన్నర అంగుళం. అక్కడ చార్జరు నిలవదు. అడుగు అర మాత్రం కుర్చీ చెయ్యి ఎత్తులోనే ఉంది, అక్కడ పుస్తకాలు పెట్టను, టీ గ్లాసు, కళ్లజోడు. పై అర, కూర్చుని చెయ్యి చాపితే అందే ఎత్తు వరకే. వెనక చెక్క వేయించలేదు. ఒక అంగుళం మందం చెక్క ముక్కలు గోడకి కొట్టి వాటి మీద అరలు బిగించమన్నాను. వెనక గాలి ఆడాలి. గోడకి ఒత్తుకుని నిలబడ్డ పుస్తకాలకే ముందు బూజు పడుతుంది.

గోడకి రంధ్రాలు వేసే రోజు మరో చిక్కు. గోడ అవతల మా ఆయన నిద్ర. కార్పెంటర్ ఖాళీగా ఉన్న రోజు ఈయన ఇంట్లో, ఈయన డ్యూటీకి వెళ్లిన రోజు ఆయన ఇంకెవరింట్లోనో. అలా మరో పది రోజులు. చివరికి జూలై నెలాఖరున కుదిరింది. డ్రిల్లు పెట్టే ముందు కార్పెంటర్ టీవీ స్విచ్చుబోర్డు వైపు చూసి, "ఇక్కడికి తిన్నగా పైనుంచి వైరు దిగుంటాదమ్మా, ఈ వరసలో ఒద్దు" అని నాలుగు అంగుళాలు పక్కకి జరిపాడు. నెల రోజులు తిప్పినా ఆ మాటతో నా కోపం తగ్గింది. స్క్రూలు మాత్రం నేనే తెచ్చి పెట్టుకున్నాను, స్టెయిన్‌లెస్ స్టీలువి, 150 రూపాయలు. మామూలు ఇనుప స్క్రూల తలలు ఇక్కడ రెండేళ్లకి తుప్పు కార్చి గోడ మీద గోధుమరంగు చారలు పెడతాయి. ప్లై, బీడింగ్, లామినేట్, కూలీ కలిపి అరలకి 4,200.

అయిపోయిందనుకున్నాక మొదటి ఫిర్యాదు మామయ్యది. టీవీకి ఎదురు సోఫాలో కూర్చుంటే నా ల్యాంపు బల్బు నేరుగా ఆయన కళ్లలో పడుతోంది. నాకు కనపడదు కాబట్టి నాకు తెలియలేదు. షేడు అంచు నా కంటి ఎత్తుకి, అంటే నేల నుంచి సుమారు మూడున్నర అడుగులకి దించి, మూతిని కిటికీ మూల వైపు తిప్పితే సరిపోయింది. ల్యాంపు పెట్టాక ఇంట్లో మిగతావాళ్లు కూర్చునే ప్రతి చోటా ఒకసారి కూర్చుని చూడటం మంచిది. రెండో ఫిర్యాదు నాదే. ఆగస్టు మొదట్లో వాన వెలిసిన ఒక సాయంత్రం కిటికీ తెరిచి లైటు వేసుకున్నాను. పావుగంటలో ఉసిళ్లు పేజీ నిండా, వాటి వెనకే బల్లి. దోమల మెష్ ఉంది గానీ అది జరిగే చక్రాల పట్టీ పక్కన సందు ఉంది. ఆ సందుకి బ్రష్ పట్టీ అంటించేదాకా రాత్రి కిటికీ మూసే చదివాను.

ఇక కుర్చీ ఎవరిది అన్న సంగతి. నేను ఊహించినట్టే వారం రోజుల్లో అది ఇంటి కుర్చీ అయిపోయింది. వానల్లో కిటికీ ఊచలకి తాడు కట్టి బట్టలు ఆరేస్తారు, కింద ఉన్నది నా కుర్చీ. చిన్నోడు ఫోనుతో చేరేవాడు. అత్తయ్య వెల్లుల్లి పొట్టు తీసుకుంటూ కూర్చున్నారు. కానీ మామయ్యా, అత్తయ్యా రెండు మూడు రోజులకే మానేశారు. మోకాళ్లతో అంత కిందనుంచి లేవడం కష్టమట. "ఇదేటమ్మా, పీట మీద కూర్చున్నట్టుంది" అన్నారు అత్తయ్య. నా మోకాలి కొలతకి కోయించిన కాళ్లు అలా నాకు కాపలా అవుతాయని నేను అనుకోలేదు. చిన్నోడికి బట్టల తాడు అడ్డం వస్తుందని ఆ తాడు అలాగే ఉంచాను, సాయంత్రం ఏడింటికి మాత్రం తీసేస్తాను. మా ఆయనకి చేతుల మధ్య వెడల్పు చాలదు. మిగిలింది అమ్మాయి. దానిది నా ఎత్తే. మధ్యాహ్నం కాలేజీ నుంచి వచ్చాక అదే కూర్చుంటుంది, రాత్రి తొమ్మిదిన్నర తర్వాత నేను. ల్యాంపు చెయ్యి మాత్రం ప్రతిరోజూ అది దానికి కావలసినట్టు వంచుకుంటుంది, నేను మళ్లీ అద్దం పెట్టి సరిచేసుకోవాలి.

ఇంకా తేలనిది ఒక్కటే, ఫ్యాను. హాలు మధ్య ఫ్యాను గాలి ఆ మూల దాకా సరిగ్గా రాదు. స్పీడు పెంచితే సోఫాలో వాళ్లకి చలి, నా పేజీలు ఎగురుతాయి, నాకు మాత్రం మెడ మీద చెమట ఆరదు. కిటికీ తెరిచి ఉంటే మధ్యాహ్నాలు పర్వాలేదు. రాత్రుళ్లు పుస్తకం మీద కాకుండా మోకాళ్ల వైపు వీచేలా చిన్న గోడ ఫ్యాను పెట్టించాలని చూస్తున్నాను. దానికి సాకెట్టు పక్కన ఇంకో పాయింటు కావాలి. ఎలక్ట్రీషియన్‌ని అడిగితే దసరా వెళ్లాక వస్తానన్నాడు. ఏ దసరా అని అడగలేదు.